కాంట్రాక్టర్ తప్పు చేస్తే ఓనరు కట్టాలా? వైకేరియస్, స్ట్రిక్ట్ లయబిలిటీ ప్రశ్నలకు జవాబు రాసే పద్ధతి

టార్ట్స్, అంటే నష్టపరిహారం దావాకు దారితీసే సివిల్ తప్పుల పేపరుకు చదువుతున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే సందేహం ఇది. "ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ చేసిన తప్పుకు పని ఇచ్చినవాడు బాధ్యుడు కాడు" అని ఒక చాప్టర్‌లో ఉంటుంది. ఇంకో చాప్టర్‌లో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ కేసులో తప్పు చేసింది కాంట్రాక్టర్లే, నష్టపరిహారం కట్టింది మాత్రం పని ఇచ్చినవాడు. మరి ప్రశ్నలో కాంట్రాక్టర్ కనిపిస్తే ఏది రాయాలి?

రెండూ రాయాలి, కాకపోతే ఒకదాని తర్వాత ఒకటి, కలపకుండా. ఎక్కువమందికి మార్కులు పోయేది చట్టం తెలియక కాదు, ఈ వరస తప్పడం వల్లే. అందుకే ఇక్కడ ఒకే ప్రాబ్లం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దాంతోనే నడుద్దాం.

## 1. ముందు ప్రాబ్లం

గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. చల్లదనం కోసం అమ్మోనియా ప్లాంటు నడుస్తుంది. చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి. ప్లాంటు రిపేరు పనిని ఓనరు విజయవాడ మెకానిక్ ఒకాయనకు గుత్తకు ఇచ్చాడు. ఆ మెకానిక్ తన పనిముట్లతో, తన ఇద్దరు కుర్రాళ్ళతో వచ్చి, తనకు తెలిసిన పద్ధతిలో పని చేసుకుపోయాడు. ఒప్పందంలో "పని వల్ల ఏ ప్రమాదం జరిగినా మెకానిక్‌దే పూర్తి బాధ్యత" అని రాసుకున్నారు.

ఆ రోజు నాలుగు సంఘటనలు జరిగాయి:

1. పొద్దున మెకానిక్ కుర్రాడు ప్రహరీగోడ మీద స్పానర్ పెట్టి మర్చిపోయాడు. అది జారి రోడ్డు మీద వెళ్ళే మనిషి తల మీద పడింది.
2. మధ్యాహ్నం స్టోరేజీ డ్రైవరు బస్తాలు వేసుకుని మిర్చి యార్డుకు వెళ్తూ, ఓనరు "ఫోన్ మాట్లాడుతూ నడపొద్దు" అని ఎన్నిసార్లు చెప్పినా వినకుండా ఫోన్లో మాట్లాడుతూ స్కూటర్‌ను గుద్దాడు.
3. రాత్రి, మెకానిక్ సరిగ్గా బిగించని వాల్వ్ నుంచి అమ్మోనియా లీకై గోడ దాటి పక్కింట్లోకి వెళ్ళింది. పక్కింటామె ఆస్పత్రి పాలైంది.
4. అదే గ్యాస్ వల్ల స్టోరేజీ లోపల బస్తాలు దింపుతున్న హమాలీ కళ్ళు దెబ్బతిన్నాయి.

నలుగురూ ఓనరు మీదే దావా వేశారు. ఓనరు బాధ్యుడా?

## 2. పెన్ను పెట్టేముందు చేయాల్సిన పని

జవాబు మొదలుపెట్టకముందే రఫ్ పేజీలో ఒక్కో బాధితుడికి ఒక్కో వరస గీయండి. నలుగురు బాధితులుంటే నాలుగు వరసలు. అందరినీ ఒకే పేరాలో తోసేస్తే జవాబు మధ్యలో మీకే దారి తెలియకుండా పోతుంది.

ప్రతి వరసలో ఇవి రాసుకోండి:

- దెబ్బ తిన్నది ఎవరు, ఎక్కడ ఉండగా? ఓనరు ఆవరణ లోపలా, బయటా?
- చేత్తో పని చేసి నష్టం తెచ్చింది ఎవరు?
- ఆ మనిషి ఓనరుకు ఏమవుతాడు?
- నష్టం ఒక మనిషి పని వల్ల వచ్చిందా, ప్రమాదకరమైన వస్తువు బయటపడటం వల్ల వచ్చిందా?
- ఓనరు స్వయంగా చేసిన తప్పేమైనా ప్రశ్నలో కనిపిస్తోందా?

నాలుగో ప్రశ్న చాలా ముఖ్యం. వైకేరియస్ లయబిలిటీలో, అంటే పనివాడి తప్పుకు యజమాని బాధ్యుడయ్యే చోట, మన చూపు మనిషి మీద ఉంటుంది: ఎవరి మనిషి, ఏ పని మీద ఉన్నాడు అని. స్ట్రిక్ట్ లయబిలిటీలో, అంటే తప్పు నిరూపించకుండానే వచ్చే బాధ్యతలో, చూపు వస్తువు మీద ఉంటుంది: ఏం తెచ్చి పెట్టుకున్నాడు, అది బయటకు వచ్చిందా అని. ఈ తేడా పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

## 3. "రెండూ తప్పు లేని బాధ్యతలే కదా" అనే చిక్కు విడదీయడం

వైకేరియస్ లయబిలిటీ కూడా స్ట్రిక్టే అని కొన్ని నోట్స్‌లో ఉంటుంది. ఆ మాట తప్పేమీ కాదు, కానీ సగమే. అక్కడ ఓనరు తప్పు నిరూపించనక్కర్లేదు, నిజమే. పనివాడి తప్పు మాత్రం నిరూపించి తీరాలి. పనివాడు టార్ట్ చేయకపోతే ఓనరు మీదకు ఎక్కడానికి ఏమీ ఉండదు.

రైలాండ్స్ సూత్రం, అంటే ప్రమాదకరమైన వస్తువు తెచ్చిపెట్టుకున్నవాడు అది బయటపడితే బాధ్యుడన్న సూత్రం కింద ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేదు. మెకానిక్ వాల్వ్ చక్కగా బిగించి, లోపల కనపడని పగులు వల్ల గ్యాస్ లీకైనా సరే పక్కింటామె దావా నిలబడుతుంది. అదే సందర్భంలో వైకేరియస్ లయబిలిటీ ఒక్కదాని మీదే ఆధారపడితే దావా పడిపోతుంది.

కాబట్టి జవాబులో "ఇది స్ట్రిక్ట్ లయబిలిటీ కనుక యజమాని బాధ్యుడు" అని రాసేటప్పుడు ఏ అర్థంలో వాడుతున్నారో చూసుకోండి. వైకేరియస్ చర్చలో ఆ మాట అసలు వాడకపోవడమే మంచిది. "ఓనరు స్వయంగా తప్పు చేయాల్సిన అవసరం లేదు" అని రాస్తే చాలు, గందరగోళం ఉండదు.

## 4. మొదటి దారి: వైకేరియస్ లయబిలిటీ

ఇక్కడ మూడు మెట్లు, ఇదే వరసలో. ఒక మెట్టు విరిగితే అక్కడ ఆగి తర్వాతి దారికి వెళ్ళాలి.

మెట్టు ఒకటి: పనివాడు టార్ట్ చేశాడా? డ్రైవరు ఫోన్ మాట్లాడుతూ గుద్దాడు, అది నిర్లక్ష్యం. ఒక్క వాక్యం చాలు.

మెట్టు రెండు: అతను ఉద్యోగా, కాంట్రాక్టరా? ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పాత పరీక్ష కంట్రోల్ టెస్ట్: ఏం చేయాలో మాత్రమే కాక ఎలా చేయాలో కూడా చెప్పే హక్కు ఎవరికి ఉంది అని చూస్తారు. 1957లో ధ్రాంగధ్ర కెమికల్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే ప్రధానంగా వాడింది. కానీ ఇదొక్కటే రాసి వదిలేస్తే జవాబు పాతబడిపోయినట్టు ఉంటుంది.

మన దగ్గరి నుంచే వెళ్ళిన కేసు ఒకటుంది, అది తప్పకుండా వాడండి. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని తెలంగాణ ప్రాంతపు షాపుల చట్టం కింద వచ్చింది, 1973లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన దానికి ఇంత అని డబ్బు. అయినా వాళ్ళు ఉద్యోగులే అని కోర్టు చెప్పింది. కుట్టు మిషన్లు షాపువి, పని షాపులోనే, కుట్టు బాగా లేకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే హక్కు యజమానికి ఉంది. కంట్రోల్ అనేది చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే, అదే సర్వస్వం కాదు అన్నది ఆ తీర్పు సారం.

దీన్ని మన ప్రాబ్లంకు పెట్టి చూడండి. బస్తాకింత అని డబ్బు తీసుకున్నంత మాత్రాన హమాలీ కాంట్రాక్టర్ అయిపోడు. అలాగే ఒప్పందం కాగితం మీద "కాంట్రాక్టర్" అని రాసినంత మాత్రాన ఎవరూ కాంట్రాక్టర్ అయిపోరు. ఇవి చూడాలి:

- పనిముట్లు, యంత్రాలు ఎవరివి?
- పని పద్ధతి ఎవరు నిర్ణయిస్తారు?
- తనకు బదులు వేరేవాళ్ళను పంపే స్వేచ్ఛ, తన మనుషులను పెట్టుకునే స్వేచ్ఛ ఉందా?
- లాభం, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?
- ఇతర చోట్ల కూడా ఇదే పని సొంతంగా చేసుకుంటున్నాడా?
- తీసేసే హక్కు, తప్పు పట్టి మళ్ళీ చేయించే హక్కు ఎవరిది?

మెకానిక్ విషయంలో దాదాపు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి: సొంత పనిముట్లు, సొంత కుర్రాళ్ళు, సొంత పద్ధతి, గుత్త డబ్బు. అతను ఇండిపెండెంట్ కాంట్రాక్టరే. అతని కుర్రాళ్ళు అతని ఉద్యోగులు, ఓనరు ఉద్యోగులు కారు. కాబట్టి స్పానర్ పడేసిన కుర్రాడి తప్పు వైకేరియస్‌గా మెకానిక్ మీదకు వెళ్తుంది, ఓనరు దాకా రాదు. చాలామంది ఈ మధ్య లింకు మర్చిపోయి "మెకానిక్ కాంట్రాక్టర్, కనుక ఎవరూ బాధ్యులు కారు" అన్నట్టు రాసేస్తారు. మెకానిక్ బాధ్యత ఎక్కడికీ పోలేదు.

ఇంగ్లండ్‌లో ఉద్యోగం కాని సంబంధాలకు కూడా వైకేరియస్ లయబిలిటీని సాగదీసే ధోరణి కొన్నేళ్ళు నడిచింది. 2020లో బార్‌క్లేస్ బ్యాంక్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, నిజంగా సొంత వ్యాపారం చేసుకునే కాంట్రాక్టర్ దాని పరిధిలోకి రాడని మళ్ళీ గీత గీసింది. ఒక వాక్యంలో చెప్పి వదిలేయొచ్చు.

మెట్టు మూడు: ఉద్యోగ పని మీద ఉండగానే జరిగిందా? డ్రైవరు కేసులో ఓనరు తరఫు వాదన ఒకటే ఉంటుంది: "నేను ఫోన్ వద్దన్నాను కదా." ఇది నిలవదు. అప్పగించిన పనినే నిషేధించిన పద్ధతిలో చేస్తే అది ఉద్యోగ పని కిందకే వస్తుంది. 1862 నాటి లింపస్ కేసులో బస్సు డ్రైవర్లకు ఇతర బస్సులకు అడ్డం వెళ్ళొద్దని రాతపూర్వకంగా ఆదేశాలున్నా కంపెనీ బాధ్యత తప్పలేదు. పనినే నిషేధించడం వేరు, పని చేసే తీరును నిషేధించడం వేరు.

దీనికి అవతలి అంచు ఎక్కడుందో కూడా చూపించండి. 1978 నాటి స్టేట్ బ్యాంక్ వర్సెస్ శ్యామాదేవి కేసులో ఖాతాదారు ఖాతాలో వేయమని ఆమె భర్త డబ్బు, చెక్కు తెలిసిన బ్యాంకు ఉద్యోగికి ఇచ్చాడు. అతను కాజేశాడు. డబ్బు తీసుకున్నది స్నేహితుడిగానే తప్ప బ్యాంకు పనిలో భాగంగా కాదు కాబట్టి బ్యాంకు బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం అవకాశం కల్పించినంత మాత్రాన సరిపోదన్నమాట. మన డ్రైవరు ఓనరు బస్తాలను ఓనరు చెప్పిన చోటికే తీసుకెళ్తున్నాడు, కాబట్టి అతని కేసు లింపస్ వైపే ఉంది.

## 5. రెండో దారి: కాంట్రాక్టర్ ఉన్నా ఓనరు సొంత బాధ్యత

కాంట్రాక్టర్ అని తేలగానే పెన్ను మూసేయకండి. వైకేరియస్ దారి మూసుకుపోయింది, అంతే. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు: ఓనరుకు తన సొంత బాధ్యత ఏదైనా ఉందా?

ఇది రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి మామూలు నిర్లక్ష్యం. అమ్మోనియా పని రానివాడని తెలిసీ చవగ్గా వస్తాడని పిలిస్తే, లేదా రిపేరు అయ్యాక పరీక్షించకుండానే ప్లాంటు ఆన్ చేయిస్తే, ఆ తప్పు ఓనరుదే. దీన్ని వైకేరియస్ అని పిలవకూడదు.

రెండోది, ఇతరులకు అప్పగించి చేతులు దులుపుకోలేని బాధ్యత, అంటే నాన్-డెలిగబుల్ డ్యూటీ. పని ఎవరికైనా ఇవ్వొచ్చు, ఆ పని జాగ్రత్తగా జరిగేలా చూసే బాధ్యత మాత్రం ఇచ్చినవాడి దగ్గరే ఉంటుంది. పబ్లిక్ రోడ్డు మీద చేసే పని, పక్కవాడి ఇంటికి ఉన్న నేల ఆసరా తీసే పని, తన ఉద్యోగులకు సురక్షితమైన పనిచోటు ఇవ్వడం ఇందులోకి వస్తాయి. 1899 నాటి హాలిడే వర్సెస్ నేషనల్ టెలిఫోన్ కేసులో కంపెనీ రోడ్డు కింద వైర్లు వేయిస్తోంది. కాంట్రాక్టర్ తాలూకు ప్లంబర్ బ్లోలాంప్ పేలి, కరిగిన సోల్డర్ దారినపోయే మనిషి మీద పడింది. కంపెనీయే బాధ్యత వహించాలని కోర్టు చెప్పింది.

దీనికి ఒక హద్దుంది, అదే మన స్పానర్ కేసుకు జవాబు. 1912 నాటి ప్యాడ్‌బరీ కేసులో కిటికీలు బిగించే సబ్‌కాంట్రాక్టర్ మనిషి ఇనుప పనిముట్టును కిటికీ అంచు మీద పెట్టాడు, గాలికి కిటికీ రెక్క ఊగి అది కింద నడిచే వ్యక్తి మీద పడింది. మెయిన్ కాంట్రాక్టర్ బాధ్యుడు కాడని తీర్పు. ఎందుకంటే ఆ ప్రమాదం పని స్వభావంలో లేదు, పని చేస్తూ ఒక మనిషి చూపిన యాదృచ్ఛికమైన అజాగ్రత్త. దీన్నే కొలాటరల్ నెగ్లిజెన్స్ అంటారు.

అమ్మోనియా ప్లాంటు రిపేరుకూ, గోడ మీద స్పానర్ మర్చిపోవడానికీ సంబంధమేమీ లేదు. ఏ పని చేస్తున్నా స్పానర్ అలా పడేదే. కాబట్టి దారినపోయే మనిషి ఓనరు మీద గెలవడం కష్టం, మెకానిక్ మీద గెలుస్తాడు. రెండో మాట రాయడం మర్చిపోవద్దు.

తేడా తెలుసుకోవడానికి చిన్న పరీక్ష: ఆ ప్రమాదం రావొచ్చని పని ఒప్పుకున్న రోజే ఊహించి జాగ్రత్తలు రాసుకోగలమా? గ్యాస్ లీక్ గురించి రాసుకోగలం, అది పనిలోనే ఉంది. స్పానర్ గురించి రాసుకోం.

## 6. మూడో దారి: రైలాండ్స్ సూత్రం

ఈ కేసు వాస్తవాలు ఓసారి శ్రద్ధగా చదవండి, ఎందుకంటే పుట్టుకతోనే ఇది కాంట్రాక్టర్ కేసు. మిల్లు యజమాని రైలాండ్స్ నీళ్ళ కోసం రిజర్వాయరు కట్టించాడు. పని సమర్థులైన ఇంజనీర్‌కు, కాంట్రాక్టర్లకు అప్పగించాడు. తవ్వుతుంటే పాత గని గుంతలు బయటపడ్డాయి, వాటిని వాళ్ళు సరిగ్గా మూయలేదు. నీళ్ళు నింపగానే గుంతల గుండా పక్కనున్న ఫ్లెచర్ బొగ్గు గని మునిగింది.

రైలాండ్స్‌ది వ్యక్తిగతంగా ఏ తప్పూ లేదు. తప్పు చేసినవాళ్ళు ఉద్యోగులు కారు కాబట్టి వైకేరియస్ దారీ లేదు. అందుకే 1866లో జడ్జి బ్లాక్‌బర్న్ మరో దారి వేశారు, 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకుంది: బయటపడితే కీడు చేసే వస్తువును తన అవసరం కోసం తన నేల మీద తెచ్చిపెట్టుకున్నవాడు, అది బయటపడితే కలిగిన నష్టానికి బాధ్యుడు. కాంట్రాక్టర్ ఉన్నాడన్న జవాబు ఇక్కడ పనిచేయదు.

మన దేశంలో ఈ సూత్రం బతికే ఉంది. 2001లో కౌశనుమా బేగం కేసులో టైరు పేలి బోల్తా పడ్డ జీపు విషయంలో, 2002లో షైల్ కుమారి కేసులో రోడ్డు మీద తెగిపడ్డ కరెంటు తీగ విషయంలో సుప్రీంకోర్టు స్ట్రిక్ట్ లయబిలిటీని వాడింది.

పక్కింటామె కేసుకు మెట్లు ఇవి:

- ప్రమాదకరమైన వస్తువు ఉందా? అమ్మోనియా, ఉంది.
- ఓనరు తన నేల మీదకు తెచ్చి పోగేశాడా? చేశాడు.
- నేలను వాడిన తీరు అసాధారణమా? ఇళ్ళ మధ్య భారీగా అమ్మోనియా నిల్వ పెట్టడం అసాధారణమే అని వాదించాలి. మిర్చి నిల్వ మామూలు వ్యాపారం కదా అని ఎదుటివాళ్ళు అంటారు, ఆ వాదన కూడా ఒక వాక్యంలో రాసి జవాబివ్వండి.
- ఆవరణ దాటి బయటకు వచ్చిందా? గోడ దాటింది.
- మినహాయింపు ఏదైనా ఉందా? వాది సొంత తప్పు, దైవికం, వాది సమ్మతి, చట్టం ఇచ్చిన అనుమతి, బయటి వ్యక్తి పని.

చివరిదాని దగ్గర జాగ్రత్త. "మెకానిక్ బయటి వ్యక్తి, కనుక మినహాయింపు" అని ఓనరు లాయరు తప్పకుండా అంటాడు. నిలవదు. బయటి వ్యక్తి అంటే ఓనరు అదుపులో లేనివాడు, గోడ దూకి వచ్చి వాల్వ్ తిప్పినవాడి లాంటివాడు. ఓనరే పిలిచి ప్లాంటు అప్పగించిన మనిషి అలాంటివాడు కాడు. అలాంటివాడే అయితే రైలాండ్స్ తన కాంట్రాక్టర్లను చూపించి తప్పించుకునేవాడే కదా. షైల్ కుమారి కేసులో కూడా, ఎవరో కరెంటు దొంగిలించడానికి తీగ లాగారన్న విద్యుత్ బోర్డు వాదన నెగ్గలేదు.

మన ప్రాబ్లంకు దగ్గరి కేసు ఆస్ట్రేలియాలో నిజంగానే ఉంది. 1994 నాటి బర్నీ పోర్ట్ అథారిటీ కేసు. అక్కడా కోల్డ్ స్టోరేజీయే, అక్కడా ఇండిపెండెంట్ కాంట్రాక్టరే. వెల్డింగ్ నిప్పురవ్వ పడి మంటలు లేచి, నిల్వ ఉంచిన కూరగాయలు పోయాయి. అక్కడి హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత కోర్టు, రైలాండ్స్ సూత్రాన్ని నిర్లక్ష్యంలో కలిపేసి, ప్రమాదకరమైన పని చేయించేవాడి నాన్-డెలిగబుల్ డ్యూటీ కింద ఓనరునే బాధ్యుణ్ణి చేసింది. పోలికగా రాయండి, మంచిదే. భారతీయ చట్టంగా మాత్రం రాయకండి, మన కోర్టులు రైలాండ్స్‌ను అలా కలిపేయలేదు.

## 7. లోపల దెబ్బతిన్న హమాలీ: ఇక్కడే అబ్సల్యూట్ లయబిలిటీ

హమాలీ ఆవరణ లోపలే ఉన్నాడు. గ్యాస్ అతని దాకా వచ్చింది కానీ ఆవరణ దాటలేదు. 1947 నాటి రీడ్ వర్సెస్ లయన్స్ కేసులో ఆయుధ ఫ్యాక్టరీ లోపల షెల్ పేలి గాయపడిన మహిళా ఇన్‌స్పెక్టర్ ఓడిపోయింది. కారణం ఇదే, బయటపడటం అనేది జరగలేదు. కాబట్టి రైలాండ్స్ హమాలీకి పనికిరాదు.

అతనికి దారి ఎం.సి. మెహతా కేసు. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ప్లాంటు నుంచి ఓలియం గ్యాస్ లీకైంది. 1986 డిసెంబరులో వచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు ఆ ప్రమాదం వల్ల నష్టపోయిన అందరికీ పరిహారం ఇవ్వాలని, రైలాండ్స్ మినహాయింపులు ఇక్కడ వర్తించవని చెప్పింది. లోపలివాడా, బయటివాడా అన్న తేడా లేదు. దీన్నే అబ్సల్యూట్ లయబిలిటీ అంటారు.

పక్కింటామెకూ ఈ దారి ఉంది, ఆమె రెండూ వాదించవచ్చు. ఎంతో కొంత చర్చ అవసరమైంది ఒక్కచోటే: కోల్డ్ స్టోరేజీ "ప్రమాదకరమైన, స్వభావరీత్యా అపాయకరమైన పరిశ్రమ" అవుతుందా? రసాయన ఫ్యాక్టరీ అంత తేలిగ్గా తేలదు. అమ్మోనియా పరిమాణం, చుట్టూ ఉన్న ఇళ్ళు, లీకైతే జరిగే హాని చూపించి అవుతుందని వాదించండి, కాదనే వాదన కూడా ఉందని ఒప్పుకోండి.

ఒకవేళ కాదని కోర్టు అనుకుంటే హమాలీకి ఐదో సెక్షన్లో చెప్పిన దారి మిగులుతుంది. దర్జీల కేసు లాగా అతను ఉద్యోగే అని తేలితే, సురక్షితమైన పనిచోటు ఇవ్వాల్సిన బాధ్యత ఓనరుది, మెకానిక్ మీదకు నెట్టలేడు.

## 8. తుది జవాబు ఎలా ఉంటుంది

పక్కింటామె గురించి రాసే పేరా ఇలా ఉంటే సరిపోతుంది:

"మెకానిక్ సొంత పనిముట్లతో, సొంత మనుషులతో, గుత్తకు పని చేశాడు కనుక ఇండిపెండెంట్ కాంట్రాక్టర్. అతని నిర్లక్ష్యానికి ఓనరుపై వైకేరియస్ లయబిలిటీ రాదు. అయితే ఓనరు తన ఆవరణలో అమ్మోనియాను నిల్వ చేశాడు, అది గోడ దాటి వెళ్ళి వాదికి హాని చేసింది. రైలాండ్స్ సూత్రం కింద ఓనరు స్వయంగా బాధ్యుడు. రైలాండ్స్‌లో లాగానే కాంట్రాక్టర్ ఉన్నాడన్నది రక్షణ కాదు. ప్లాంటు ప్రమాదకర పరిశ్రమ అని తేలితే మెహతా సూత్రం కింద ఏ మినహాయింపూ ఉండదు. మెకానిక్ కూడా తన నిర్లక్ష్యానికి విడిగా బాధ్యుడు."

ఇందులో "స్వయంగా" అన్న మాట గమనించండి. ఓనరు కట్టేది మెకానిక్ తప్పుకు కాదు, తాను తెచ్చిపెట్టుకున్న ప్రమాదానికి. మిగతా ముగ్గురికీ ఇదే కొలత: మొదట సంబంధం, తర్వాత ఏ దారి మూసుకుంది, ఏ దారి తెరుచుకుంది, చివర ఎవరెవరు బాధ్యులు.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

ఒప్పందంలోని షరతును రక్షణగా రాయడం. "ప్రమాదం జరిగితే మెకానిక్‌దే బాధ్యత" అన్న షరతు ఓనరుకూ మెకానిక్‌కూ మధ్యే. పక్కింటామె దాని మీద సంతకం పెట్టలేదు. ఓనరు ఆమెకు కట్టి, ఆ షరతు పట్టుకుని మెకానిక్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఈ ఒక్క వాక్యం రాస్తే ప్రాబ్లంలో ఆ షరతు ఎందుకు పెట్టారో మీకు అర్థమైందని తెలుస్తుంది.

రైలాండ్స్‌ను వైకేరియస్ లయబిలిటీకి మినహాయింపుగా రాయడం. పుస్తకాల్లో "కాంట్రాక్టర్ నియమానికి మినహాయింపులు" అనే జాబితాలో ఇది కనిపిస్తుంది కాబట్టి ఈ పొరపాటు సహజం. సరిదిద్దాలంటే "మినహాయింపు" బదులు "ఓనరు సొంత బాధ్యత" అని రాయండి.

కాంట్రాక్టర్ అని ముందే తేల్చేయడం. ప్రశ్నలో "కాంట్రాక్టర్" అని రాసి ఉన్నా కనీసం రెండు అంశాలు చూపించి నిర్ధారించండి. ప్రశ్న తయారుచేసినవాళ్ళు ఒక్కోసారి కావాలనే ఆ పేరు పెట్టి, వాస్తవాలన్నీ ఉద్యోగి వైపు చూపిస్తారు.

ప్రమాదకరమైన వస్తువు కనపడగానే వైకేరియస్ వదిలేయడం. పెట్రోలు ట్యాంకర్ డ్రైవరు ఉద్యోగి అయితే, పెట్రోలు దింపుతూ అగ్గిపుల్ల గీస్తే, మొదట రాయాల్సింది వైకేరియస్ లయబిలిటీయే. 1942 నాటి సెంచురీ ఇన్సూరెన్స్ కేసు సరిగ్గా అదే. తప్పు స్పష్టంగా ఉన్నప్పుడు తేలికైన దారి ముందు, కష్టమైనది తర్వాత.

డ్రైవరు కేసులో మోటారు వాహనాల చట్టంలోకి జారిపోవడం. ప్రశ్న టార్ట్స్‌లో అడిగితే ట్రిబ్యునల్, బీమా గురించి చివర ఒక వాక్యం చాలు.

జవాబు ముగించేముందు ప్రతి బాధితుడి పక్కన ఈ నాలుగు టిక్కులు ఉన్నాయో చూసుకోండి:

- పని చేసిన మనిషి హోదా రుజువుతో తేల్చాను
- ఓనరు బాధ్యత ఏ దారిలో వచ్చిందో పేరు పెట్టి చెప్పాను
- ఓనరు చేయబోయే వాదనకు జవాబిచ్చాను
- కాంట్రాక్టర్ లేదా ఉద్యోగి సొంత బాధ్యత కూడా రాశాను